రోహిణి కార్తెలో పుష్యమాసం స్నానం

పసిపిల్లకి నీళ్లు పోయడంలో తన తర్వాతే ఎవరైనా అని భారతీదేవి నమ్మకం. నమ్మకం ఉండొచ్చు, తప్పులేదు. కానీ ఆవిడ నమ్మకం నలుగురికీ చూపించుకునే రకం. జగ్గయ్యపేటలో వాళ్ల వీధిలో ఎవరికి పురుడు వచ్చినా మొదటి స్నానానికి కబురు వచ్చేది ఆవిడకే. రెండు కాళ్లూ చాపి పీట మీద కూర్చుని, పిల్లని కాళ్ల మీద బోర్లా వేసుకుని, గోరువెచ్చని నూనె వీపంతా మర్దనా చేస్తుంటే పక్కింటి వాళ్లు పని మానుకుని చూసేవాళ్లు. అట్లాంటిది సొంత కూతురి కూతురికి పోసేటప్పుడు ఇంకెంత హడావుడి ఉండాలి.

మనవరాలు దేవిశ్రీ పుష్యమాసంలో పుట్టింది. దాని తల్లి లహరి పుట్టింది కూడా పుష్యమాసంలోనే. చలి వణికిస్తున్న ఆ రోజుల్లో మొదలుపెట్టిన వైభవం భారతి ఒక్క రోజు కూడా తప్పనివ్వలేదు. ముందు ఒంటి నిండా నూనె, తర్వాత శనగపిండి నలుగు, పొగలు కక్కే నీళ్లు, సాంబ్రాణి ధూపం, మెడకింద, చంకల్లో, గజ్జల్లో గుప్పెళ్లతో పౌడరు. ఆ పైన మాడుకి చలి తగలకుండా చెవుల దాకా టోపీ. తలుపులు వేసి ఉండాల్సిందే. ఫ్యాను తిరిగితే పిల్లకి జలుబు చేస్తుందని స్విచ్చి మీద టేపు కూడా అంటించింది.

ఇప్పుడు నడుస్తున్నది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలంటారు కదా, సున్నపురాయి గనుల మీదుగా వచ్చే గాలి తగిలితే రోలేం ఖర్మ, రోకలి కూడా పగిలేట్టుంది. కార్తె మారింది గాని పిల్ల స్నానం మాత్రం మారలేదు.

ఇది చాలదన్నట్టు తాతగారి ముచ్చటొకటి. చంద్రమౌళికి మెయిన్ బజారులో బట్టల కొట్టుంది. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు మనవరాలికి ఒక కొత్త గౌను పట్టుకురానిదే ఆయనకి అన్నం సయించదు. ఆ గౌన్లకి పైన నెట్టు, లోపల జారుడు లైనింగు, నడుముకి బిగుతైన ఎలాస్టిక్కు. వేస్తే పిల్ల పెళ్లి కేకులా ఉండేది. "బట్టల కొట్టు వాళ్ల పిల్ల, వేసిన గౌను మళ్లీ వేస్తే నలుగురూ ఏమనుకుంటారు" అని ఆయన సిద్ధాంతం.

మెడ మడతల్లో ఎర్రగా సన్నటి పొక్కులు కనబడిన రోజు భారతి పెద్దగా పట్టించుకోలేదు. చెమటకాయలు, ఎండాకాలమన్నాక వస్తాయి, పోతాయి అనుకుని ఇంకాస్త పౌడరు అద్దింది. అవి వీపు మీదికి పాకాయి. మందంగా కొబ్బరినూనె పట్టించింది. నుదుటి మీద టోపీ అంచు వెంబడి కూడా లేచాయి. పిల్ల నిద్రపోవడం మానేసి, తల అటూ ఇటూ రుద్దుకుంటూ ఏడుపు మొదలుపెట్టింది. దిష్టి తగిలిందని భారతి ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి పిల్ల ఇంకో గంట ఏడ్చింది.

లహరి నందిగామలో ఒక ప్రైవేటు బీమా ఆఫీసులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. సెలవు అయిపోయి ఈ మధ్యే మళ్లీ చేరింది. భర్త అనిల్‌కుమార్ ఉండేది నందిగామలోనే అయినా, పిల్ల అమ్మ దగ్గర ఉంటే నిశ్చింత అని లహరి ఇక్కడినుంచే బస్సులో వెళ్లి వస్తోంది. పొద్దున్నే పిల్లకి తన పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టి, యూనిఫాం చీర కట్టుకుని బయల్దేరుతుంది.

ఆ సాయంత్రం గుమ్మంలోకి వస్తూనే బ్యాగు కింద పడేసి, మెడలో ఐడీ కార్డు తాడు తీసి, గోడకి వీపు ఆనించి బర్రెలా రుద్దుకుంది. నడుము దగ్గర లంగా బొందు బిగిసిన చోట చెయ్యి పెట్టి గీరుకుంది.

"ఏంటే అది, వీధిలో వాళ్లు చూస్తే?" అంది భారతి.

"చూడనీ. పొద్దుట్నుంచీ ఒళ్లంతా సూదులు గుచ్చినట్టుంది. ఆఫీసులో ఏసీ పాడై వారమవుతుంది, బాగుచేయిస్తాం బాగుచేయిస్తాం అంటున్నారు. ఆ అద్దాల గదిలో ఈ చీర కట్టుకుని కూర్చుంటే చెమట ఎటూ పోదు." మాట్లాడుతూనే పిల్లని ఎత్తుకుంది. టోపీ తీసింది. గౌను వెనక హుక్కులు విప్పింది.

పిల్ల వీపు మీద చెయ్యి పెట్టడానికి చోటు లేదు.

"నిన్న ఇంత లేవు కదమ్మా."

"ఎండలకి వచ్చాయి. పౌడరు వేస్తూనే ఉన్నా."

లహరి గొంతు పెంచలేదు. అది చూసే భారతికి భయం వేసింది. "అనిల్ అక్కడ ఒకావిణ్ని చూశాడమ్మా. జయమణి అని, పిల్లల్ని చూసుకుంటుందంట. ఇంట్లో ఏసీ కూడా ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్తాడు. నేనూ వెళ్లిపోతా. నీకూ శ్రమ తగ్గుతుంది."

నీకూ శ్రమ తగ్గుతుంది అన్న ఆ చివరి మాట భారతికి అన్నంలో రాయిలా తగిలింది. ఊళ్లో పిల్లలందరికీ నీళ్లు పోసిన చేతుల్లోనుంచి సొంత మనవరాలిని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి మారుస్తారట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి కాబట్టి తప్పు ఒప్పుకోకుండా పైకి "మీ ఇష్టం" అంది. వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నందిగామలో పిల్లల డాక్టరు సూసన్ గారి దగ్గరికి పిల్లని తీసుకెళ్లింది భారతే. లహరి ఆఫీసులో ఒక గంట అడిగి వచ్చింది. డాక్టరు మొదట టోపీ తీసింది, తర్వాత గౌను, దాని కింద బనీను, డైపరు. అన్నీ తీసి బల్ల మీద ఫ్యాను కింద పడుకోబెట్టింది. పిల్ల ఏడుపు ఆపి ఫ్యాను వంక చూస్తూ కాళ్లు ఆడించింది.

"చూశారా, సగం వైద్యం అయిపోయింది," అంది డాక్టరు. "పసిపిల్లలకి చెమట బయటికి వచ్చే దారులు ఇంకా సరిగ్గా ఏర్పడవమ్మా. అవి మూసుకుపోతే చెమట చర్మం కిందే నిలిచి ఇట్లా పొక్కుతుంది. ఏం రాస్తున్నారు?"

భారతి చెప్పింది. గర్వంగా మొదలుపెట్టి, డాక్టరు ముఖం చూస్తూ సాంబ్రాణి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది.

"నూనె ఈ ఎండల్లో వద్దు. ఆ దారుల్ని ఇంకా మూస్తుంది. పౌడరు చెమటలో తడిసి మడతల్లో ముద్ద కడుతుంది. పైగా అది పీలిస్తే పిల్ల ఊపిరికి మంచిది కాదు. చల్లగానూ కాకుండా వేడిగానూ కాకుండా నీళ్లు పోసి, మెత్తటి బట్టతో అద్దండి, రుద్దొద్దు. మడతలు బాగా ఆరాలి. ఫ్యాను వెయ్యండి, మరీ మొహం మీదికి కాకుండా. టోపీ వద్దు. కాసేపు డైపరు కూడా లేకుండా వదిలెయ్యండి. ఇదంతా కొద్దిరోజుల్లో అదే పోతుంది. చీము పట్టినా, జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా వెంటనే తీసుకురండి."

"దాహానికి కాసిని నీళ్లు పట్టనా డాక్టరమ్మ గారూ?"

"ఆరు నెలలు నిండేదాకా నీళ్లు వద్దు, దాహానికీ పాలే. కాకపోతే ఎక్కువసార్లు పట్టండి." డాక్టరు లహరి వైపు తిరిగింది. మోచేత్తో వీపు గీరుకోవాలని చూసి ఆగిపోయిన లహరి ఇబ్బందిగా నవ్వింది. "మీదీ అదే జబ్బు. ఆ బ్లౌజు బిగుతు తగ్గించండి. లోపల నూలు బట్ట ఉండాలి. తడిసిన బట్ట ఒంటి మీద ఆరనివ్వొద్దు, మధ్యాహ్నం ఇంకోటి మార్చుకోండి. ఇంటికెళ్లగానే స్నానం. గోకితే పుండవుతుంది." మళ్లీ భారతిని అడిగింది. "మీ అమ్మగారు ఎండాకాలంలో కూడా ఇట్లాగే పోసేవారా?"

"మా అమ్మ దగ్గరే నేర్చుకున్నానండి," అంది భారతి కాస్త రోషంగా.

ప్రశ్న అది కాదని ఆటో ఎక్కాక గాని తట్టలేదు.

బస్టాండుకి వెళ్లే దారిలో భారతి పుట్టిల్లున్న వీధి వస్తుంది. ఆ ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. ఆ చోట ఇప్పుడు మొబైల్ షాపుంది. అయినా ఆటో అటు మలుపు తిరిగితే చాలు, భారతి కళ్లు షట్టర్లని దాటుకుని పాత పంచలోకి వెళ్లిపోతాయి.

ఈ పంచలోనే తల్లి సత్యనారాయణమ్మ లహరికి నీళ్లు పోసింది. పుష్యమాసం. వేడినీళ్లు, నూనె, నలుగు, సాంబ్రాణి, టోపీ. పురుటికి వచ్చిన భారతి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ నేర్చుకుంది. మూడో నెల రాగానే ఆచారం ప్రకారం చీరె సారె పెట్టి అత్తారింటికి జగ్గయ్యపేట పంపించారు. అప్పటికి ఇంకా ఎండలు ముదరలేదు. ముదిరాక పిల్ల అత్తగారి ఒళ్లో ఉండేది, భారతి పొయ్యి దగ్గర ఉండేది. అంటే తల్లి దగ్గర తను నేర్చుకున్నది చలికాలపు పాఠం ఒక్కటే.

మరి ఎండాకాలం?

ఆటో గతుకుల్లో ఊగుతుంటే ఇంకో చిత్రం పైకి వచ్చింది. తనకి ఏడెనిమిదేళ్లుంటాయి. తమ్ముడు బుల్లిబాబు ఎండల్లో పుట్టాడు. పంచలో దూలానికి అమ్మ పాత చీర కట్టి ఉయ్యాల వేశారు. వాడి ఒంటి మీద మొలతాడు తప్ప నూలుపోగు లేదు. నూనె సీసా గూట్లో ఉండిపోయింది. తాటాకు విసనకర్ర తన చేతికిచ్చి, చెయ్యి నొప్పి పుట్టేదాకా విసరమనేది అమ్మ. ఆపితే "వాడికి ఉబ్బరిస్తుంది, విసరవే" అనేది. మాటిమాటికీ తడిగుడ్డతో మెడ తుడిచి, పొడిగుడ్డ అద్దేది. ఆ గుడ్డలన్నీ అమ్మ పాత చీర ముక్కలే. నాన్న కొత్త చొక్కా కొనుక్కొస్తే, "పసివాడికి కొత్తబట్ట గుచ్చుకుంటుంది, పాతది కడితే ఆయుష్షు" అని పెట్టెలో పడేసింది.

అమ్మ తప్పు చెప్పలేదు. తను సగమే గుర్తుపెట్టుకుంది. భారతికి ఉన్నట్టుండి అమ్మ మీద బెంగ ముంచుకొచ్చింది. పదేళ్లయింది పోయి. ఇప్పుడుంటే ఒక ఫోను చేసి, ఎండాకాలం నీళ్లు ఎట్లా పోయాలమ్మా అని అడిగేదే. ఒళ్లో పిల్ల నిద్రలో చెయ్యి విదిల్చి ఆవిడ కొంగు పట్టుకుంది.

ఇంటికి వచ్చాక మొదట చేసిన పని స్విచ్చి మీద టేపు పీకడం. కిటికీలు బార్లా తీసింది. నూనె సీసా, పౌడరు డబ్బా పైన అటక మీదికి పోయాయి. ఇక పాత నూలు బట్ట కావాలి. బీరువాలు తెరిచింది. చీరలకేం కరువు లేదు, కుప్పలున్నాయి, అన్నీ ఉతికితే నలగని రకాలే. నూలువి ఎప్పటికప్పుడు స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నెలు తీసుకుంది. వంటింట్లో బోలెడు గిన్నెలు మెరుస్తున్నాయి. బట్టల కొట్టు వాళ్ల ఇంట్లో పసిపిల్ల కింద వెయ్యడానికి ఒక మెత్తటి గుడ్డ లేదు.

విషయం విని చంద్రమౌళి ఆశ్చర్యపోయాడు. "కొట్లో మల్లు నూలు తాను ఉందిగా. తెప్పిస్తా."

"తెప్పించండి. గంజి పోయి మెత్తబడాలంటే ఎన్ని ఉతుకులు కావాలో మీకు తెలీదా? దానికి వీపంతా మండుతుంటే కొత్తబట్ట ఎట్లా వేస్తాం?" అని ఊరుకోకుండా, "మీ గౌన్లు కూడా ఇక చాలు. అమ్మాయి ఆఫీసు చీరలు కూడా మన కొట్లోవేనా ఏంటి?" అంది.

చంద్రమౌళి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆర్డరు మనకే వచ్చింది. నలగదు, తొందరగా ఆరుతుందని నేనే చెప్పి ఒప్పించా." కంచే చేను మేసినట్టయిందని ఆయనకీ తెలిసింది.

అప్పుడు భారతి దేవుడి గదిలోకి వెళ్లి, చెక్కపెట్టె ముందు కూర్చుంది.

అందులో ఉన్నది అమ్మ చీర ఒక్కటే. లేత పసుపు నేత చీర, నీలం అంచు. ఉతికి ఉతికి అరచేతిలో వేసుకుంటే బరువు తెలియనంత పల్చనైంది. అమ్మ చివరి రోజుల్లో కట్టుకున్నది. అందరూ నగలు పంచుకుంటుంటే భారతి ఇది అడిగి తెచ్చుకుంది. వట్టివేళ్ల కట్ట పక్కన పెట్టి మడతపెట్టింది. బెంగ పుట్టినప్పుడల్లా తీసి మొహానికి ఆనించుకుంటుంది. ఆ వాసన అమ్మది. లహరి చిన్నప్పుడే కాదు, పెళ్లయ్యాక కూడా "ఒక్కసారి ఇవ్వమ్మా" అంటే ముట్టుకోనివ్వలేదు. అందరి ముక్కులూ ఆనితే వాసన పోతుందని భయం.

పిల్లకి వెయ్యాలంటే ముందు ఉతకాలి. ఉతికితే వాసన పోతుంది.

భారతి చీర మొహానికి ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. పక్కగదిలో పిల్ల లేచి వీపు రుద్దుకుంటూ గునిసింది. ఆవిడ లేచి, చీరని బకెట్లో ముంచింది. నీళ్లలోకి లేత పసుపు కాస్త దిగింది. రెండోసారి వట్టి నీళ్లలో జాడించి, డాబా మీద ఎండలో ఆరేసింది. ఆ ఎండకి ఇట్టే ఆరిపోయింది.

పమిటకొంగు వైపు పెద్ద ముక్క ఉయ్యాలకి ఉంచింది. మిగతాదానికి అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి లాగింది. బట్ట నేత వెంబడే చర్రున తిన్నగా చిరిగింది. చిరిగినప్పుడల్లా ఆవిడ కళ్లు మూసుకుంది. పిల్లకి పక్కన ముడివేసే జుబ్బాలు, కింద వేసే గుడ్డలు, ఒళ్లు అద్దే ముక్కలు. చివరికి నీలం అంచు ఉన్న ముక్క మిగిలింది. దాన్ని లహరి బ్లౌజుల్లో జారుడు లైనింగు ఊడదీసి, ఆ చోట కుట్టింది. పక్కలు వదులు చేసింది.

ఆ తర్వాతి రోజులు ఇంట్లో కొత్త పద్ధతి నడిచింది. పొద్దున్నా సాయంత్రం మామూలు నీళ్లు, అద్దడం, మడతలు ఆరేదాకా ఫ్యాను కింద పిల్ల దిసమొలతో విలాసంగా పడుకోవడం. గుడ్డ తడిసిందంటే మార్చడం. చూడవచ్చిన పక్కింటావిడ, "అదేంటి వదినా, బంగారం లాంటి పిల్లకి పాత గుడ్డలు వేశావు?" అంటే, "ఎండాకాలం పాఠం ఇప్పుడు గుర్తొచ్చింది లెండి" అంది భారతి. అట్లా ఒప్పుకోవడం ఆవిడ జీవితంలో అరుదు. లహరి బ్యాగులో రోజూ ఇంకో బ్లౌజు పెట్టి పంపింది. ఏం కుట్టిందో చెప్పలేదు. లహరి అడగలేదు కూడా, ఆదివారం ప్రయాణం గురించి తప్ప ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి.

ఆదివారం పొద్దున లహరి బట్టలు సర్ది బ్యాగు జిప్పు వేసింది. అనిల్ మధ్యాహ్నానికి వస్తానని ఫోను చేశాడు. పిల్లని లేపుదామని ఉయ్యాల దగ్గరికి వెళ్లింది. దేవిశ్రీ బోర్లపడి నిద్రపోతోంది. జుబ్బా పక్కకి జరిగి వీపు కనబడుతోంది. పొక్కులు మాడి, అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు మాత్రం మిగిలాయి. మెడ మడత శుభ్రంగా ఉంది. లహరి మెల్లగా పిల్లని వెల్లకిలా తిప్పింది. తిప్పుతూ, ఇన్ని రోజులూ హడావుడిలో పట్టించుకోని ఉయ్యాల గుడ్డ చూసింది, పిల్ల జుబ్బా చూసింది. గభాల్న గదిలోకి పోయి, దండెం మీద బ్లౌజు తిరగేసింది. లోపల నీలం అంచు.

"అమ్మా, ఇది అమ్మమ్మ చీర కదూ."

భారతి ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు. "ఇంట్లో వేరే నూలుబట్ట లేదు."

"నన్ను ముట్టుకోనిచ్చేదానివి కాదు."

"అప్పుడు నీకు చెమటకాయలు లేవుగా."

లహరి నవ్వబోయింది, నవ్వు రాలేదు. బ్లౌజు మొహానికి ఆనించుకుని, "ఈ నాలుగు రోజులూ వీపు మండలేదు. ఏసీ ఇంకా బాగవలేదు. మరి ఎట్లా తగ్గిందా అనుకున్నా," అంది. "వాసన పోయిందా?" అని అడిగింది.

"పోయింది."

భారతి చేతులు కడుక్కుని ఉయ్యాల దగ్గరికి వచ్చింది. నిద్రలో పిల్ల నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. పొడి ముక్కతో అద్ది, అలవాటుగా వంగి పిల్ల మెడ దగ్గర ముక్కు ఆనించింది. ఆనించి, కదలకుండా ఉండిపోయింది. ఎండలో ఆరిన నూలు, కాస్త పాలు, కాస్త చెమట. విసనకర్ర విసిరి విసిరి అలిసిపోయి, పంచలో అమ్మ ఒళ్లో తల పెట్టుకున్నప్పుడు వచ్చిన వాసన ఇదే. పదేళ్లుగా తను మొహానికి ఆనించుకున్నది వట్టివేళ్లది, పెట్టెది. అమ్మది ఇది.

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఇటు రా, నువ్వూ చూడు," అంది భారతి.

తల్లీ కూతుళ్లిద్దరూ ఉయ్యాలకి చెరోవైపు వంగారు. పిల్ల నిద్రలో పెదవులు చప్పరించింది. లహరి చాలాసేపటికి లేచి, కళ్లు తుడుచుకుని, అనిల్‌కి ఫోను చేసింది.

"రండి, భోజనానికి రండి. జయమణి గారికి మాత్రం వద్దని చెప్పెయ్యండి," అంది. తర్వాత బ్యాగు జిప్పు లాగి, పిల్ల బట్టలు ఒక్కొక్కటే బయటికి తీసి దండెం మీద వేసింది.